ఐదుగురి మెడల్లో దండలు

పోయిన నెల మంచిర్యాలలో మా అన్న మనవరాలి పెళ్ళికి పోయాను. పెద్ద ఫంక్షన్ హాలు, చల్లటి గాలి, ఏ మూలన నిలబడినా సెంటు వాసన. అప్పగింతల దగ్గర పెళ్ళికూతురి తల్లి బిడ్డను పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే వీడియో తీసే అబ్బాయి చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, నడుమల ఎవరో అడ్డమొచ్చిన్రు. మళ్ళొక్కసారి ఏడ్వుండ్రి."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, మళ్ళీ ఏడ్చింది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. ఆ తల్లి కూడా ఏడుపు మధ్యలోనే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బయటికి వచ్చి, వంటవాళ్ళు గిన్నెలు కడుక్కుంటున్న చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మసిబొగ్గు వాసన, మాడిన బగారన్నం వాసన కలిసి వస్తున్నాయి. చాలా ఏళ్ళుగా తలుచుకోని మా చిన్నమ్మ అక్కడ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయి. మేము బొగ్గు బావుల దగ్గర కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బాపు, అంటే నాన్న, బావిలో పని చేసేవాడు. అమ్మను అవ్వ అనేవాళ్ళం. ఇంట్లో అవ్వ, నేను, అమ్మమ్మ, అవ్వ చెల్లెలైన చిన్నమ్మ. అన్న హాస్టల్లో చదువుకునేవాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన చిన్నమ్మ కుట్టుమిషను. ఆ గదిలో ఎప్పుడూ మిషను నూనె వాసన, కొత్తగుడ్డ గంజి వాసన. వాకిట్లో బొగ్గుపొయ్యి పొగ. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు.

మా లైన్లో అన్ని ఊళ్ళవాళ్ళూ, అన్ని కులాలవాళ్ళూ ఉండేవారు. ఎడమవైపు చాచా, చాచీ. చాచా బావిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. కుడివైపు ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆమె, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. పెళ్ళి ఎవరింట్లో ఉన్నా రవికెలు కుట్టేది చిన్నమ్మే. అందుకని అన్ని పెళ్ళిళ్ళకూ ఆమెకు పిలుపు ఉండేది. ఆమె కొంగు పట్టుకుని నేను.

చిన్నమ్మ ప్రతి పెళ్ళిలోనూ ఏడ్చేది. పెళ్ళికూతురు ఎవరో సరిగ్గా తెలియకపోయినా ఏడ్చేది. ఏడ్చినవాళ్ళను ఎవరో ఒకరు దగ్గరికి తీసుకుని లడ్డు చేతిలో పెట్టడం నేను కనిపెట్టాను. ఒక పెళ్ళికి ఉల్లిగడ్డ ముక్క గౌను జేబులో పెట్టుకుని పోయి, సమయం చూసి కళ్ళకు రుద్దుకున్నాను. రెండు లడ్లు వచ్చాయి. కళ్ళు మాత్రం మరునాటి దాకా మండాయి. అవ్వ వీపు మీద ఒకటి చరిచింది. చిన్నమ్మ పడీ పడీ నవ్వింది.

"నువ్వు మరి ఉత్తగనే ఏడుస్తవ్ గదా? పెండ్లంటే సంబరం గదా?" అని అడిగాను.

చిన్నమ్మ కాజాలు కుడుతూనే చెప్పింది.

"కొందరు పిల్ల ఎల్లిపోతదని ఏడుస్తరు. కొందరికి వాళ్ళ పెండ్లి యాదికొస్తది. కొందరు సచ్చిపోయినోళ్ళు ఈడుంటే బాగుండు అని ఏడుస్తరు. మీ అవ్వ లెక్క కొందరు, ఆర్నెల్ల సంది పరేషాన్ పడి పడి, అంతా మంచిగైందనంగనే ఒక్కపారి కట్ట తెగినట్టు ఏడుస్తరు. సంతోషమైనా, దుఃఖమైనా ఎక్కువైతే కండ్లల్లకెల్లే కదా పోవాలె. ఇంకోటి ఉంది. మామూలు రోజు ఏడిస్తే ఏమైందే, ఎందుకే అని వంద మంది అడుగుతరు. పెండ్లిల ఏడిస్తే ఎవ్వలూ అడగరు."

ఆ ఎండాకాలం నేను చూసిన మూడు పెళ్ళిళ్ళు ఇప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి.

మొదటిది చాచా కూతురిది. మగవాళ్ళు బయట షామియానా కింద, పెళ్ళికూతురు లోపలి గదిలో. నేను మంచం కింద దూరి చూశాను. ఆమె తరఫున మాట్లాడే పెద్దమనిషి ఒకాయన ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వచ్చి, ఫలానావారి కొడుకును అతనిచ్చే ఇంత మెహర్ సొమ్ముకు నికా చేసుకోవడం నీకు ఇష్టమేనా అని అడిగాడు. ఆమె పలకలేదు. మళ్ళీ అడిగాడు. గదిలో ఆడవాళ్ళందరి ఏడుపూ ఒక్కసారి ఆగింది. మూడోసారికి ముసుగులోంచి సన్నగా "హా" అని వినపడింది. అంతే, ఆగిన ఏడుపు రెట్టింపయింది. బయట పెళ్ళికొడుకు ముఖం కనపడకుండా మల్లెపూల సెహ్రా వేలాడుతోంది. మెడలో ఎవరెవరో వేసిన గులాబీ దండలు.

"మీ దగ్గర పిల్లా పిలగాడు దండలు మార్చుకోరా?" అని చాచీని అడిగాను.

"పూలు ఖుషీ కోసం బేటా. మంగ్నీ నాడు ఉంగరం పెడ్తరు, అదీ ఖుషీ కోసమే. నికా అంటే మాట. పిల్ల ఒప్పుకోవాలె, పిలగాడు ఖబూల్ అనాలె, మెహర్ పలకాలె, ఇద్దరు గవాలు, అదే సాక్షులు, చెవులార వినాలె. పూలు లేకున్నా నికా అయితది. గవాలు లేకుంటే కాదు."

రెండోది నర్సమ్మ చెల్లెలి పెళ్ళి, చర్చిలో. పాస్టరు ఉంగరం పైకెత్తి చూపించి, దీనికి మొదలూ లేదు, చివరా లేదు, మీ ప్రేమ ఇలాగే ఉండాలని చెప్పాడు. ఎడమచేతి నాలుగో వేలి నుంచి ఒక నరం తిన్నగా గుండెకు పోతుందని వెనకటివాళ్ళు నమ్మేవారట, అందుకే ఆ వేలికట, అని నర్సమ్మ నా చెవిలో చెప్పింది. "నిజంగా గట్లాంటి నరం లేదు, నేను చదువుకున్న గదా" అని నవ్వింది కూడా. ఉంగరాలయ్యాక పెళ్ళికూతురి మెడలో సిలువ ఉన్న తాళి కట్టారు, దండలూ వేసుకున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఇద్దరితోనూ పాస్టరు "మరణము మమ్మును వేరుచేయువరకు" అని అనిపించినప్పుడు నాకు భయమేసింది. పెళ్ళిలో చావు మాట ఎందుకు? పక్కకు చూస్తే చిన్నమ్మ చెంపలు తడిసి ఉన్నాయి.

మూడోది మా లైను చివరింట్లో. అడ్డుతెర, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, దండలు. అప్పగింతల్లో పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే, అమ్మమ్మే పాట ఎత్తుకుంది. ఆమె గొంతు జీరబోతే ఏడవని ఆడది ఉండేది కాదు. దండల సంగతి అమ్మమ్మ నాకు చెప్పింది ఆ పెళ్ళిలోనే.

"దండ ఎయ్యాలంటే ఎదుటి మనిషి తల వంచాలె. వెనకట రాజుల బిడ్డలు నచ్చినోని మెడల ఏసి, గీయననే చేసుకుంట అని నలుగురిల చెప్పేటోళ్ళట. ఇప్పుడు ఇద్దరు ఎయ్యాలె, ఇద్దరు వంచాలె. ఒకరే వంచితే అది పెండ్లి కాదు, గులాంగిరి."

వానలు పడకముందే చిన్నమ్మ పెళ్ళి మాట బయటికి వచ్చింది. ఆమె ఇష్టపడ్డ ఆయన బాపుతో ఒకే షిఫ్టులో పని చేసేవాడు. హుస్నాబాద్ పక్క ఊరు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. మా కులం కాదు. చొక్కా కుట్టించుకునే నెపంతో మూడుసార్లు కొలతలివ్వడానికి వచ్చాడని అవ్వ తర్వాత చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఒప్పుకోలేదు. మా ఇంట్లో అమ్మమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. చివరికి బాపు కలగజేసుకుని, యూనియన్ ఆఫీసులో దండల పెళ్ళి చేద్దామన్నాడు.

ఆ రోజుల్లో మా వైపు అలాంటి పెళ్ళిళ్ళు జరిగేవి. మంత్రాలు చదివే అయ్యగారు ఉండడు, తాళి ఉండదు, కన్యాదానం ఉండదు. ఇద్దరూ నలుగురి ముందు నిలబడి, ఇష్టపడి చేసుకుంటున్నామని చెప్పి దండలు మార్చుకుంటారు. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బూందీ, చాయ్. ఆయన వైపు నుంచి ఒక్కరు రాలేదు. యూనియన్ పెద్దాయన లేచి మాట్లాడాడు.

"ఆడపిల్ల వస్తువు కాదు, ఒకరు దానమియ్యను, ఇంకొకరు పట్టుకపోను. ఇద్దరు సమానం. అందుకే ఒకరి మెడల ఒకరు దండ ఏస్తున్నరు."

చిన్నమ్మ బంతిపూల దండ వేస్తుంటే ఆయన బాగా కిందికి వంగాల్సి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ ఏడవలేదు. ఫొటో తీసేవాడు వచ్చి, సభకు వచ్చిన ముగ్గురు పెద్దలనూ వేదిక ఎక్కించాడు. వాళ్ళ మెడల్లోనూ దండలు వేసి, ఎత్తును బట్టి అందరినీ వరసగా నిలబెట్టాడు.

అమ్మమ్మ వెనక బల్ల మీద కూర్చుని అంతా చూసింది. పెద్దాయన దగ్గరికి వస్తే అడిగింది: "అప్పగింతలు లేవు, ఏడుపు లేదు. నా బిడ్డను ఎవలకు అప్పజెప్పినట్టు?"

"ఎవలకూ అప్పజెప్పలే అవ్వా. అందుకే ఏడుపు లేదు."

"పూలు రేపటికి వాడిపోతయి కొడుకా. మెడల ఏం మిగుల్తది?"

"రిజిస్టరాఫీసుల కాయితం రాయించుకుంటరు అవ్వా. ఫికర్ చెయ్యకు."

వాళ్ళు మాకు మూడిళ్ళ అవతల ఒక గదిలో కాపురం పెట్టారు. మరునాడు ఆయన వచ్చి కుట్టుమిషను భుజాన వేసుకుని పోతుంటే, కిటికీ పక్కన ఖాళీ అయిన చోటు చూసి అవ్వ ఏడ్చింది. నేను రోజూ బడి నుంచి సరాసరి అక్కడికే పోయేదాన్ని. ఆయనను నేను చిన్నబాపు అనేదాన్ని. చిన్నబాపు సెలవు రోజున సర్వపిండి చేసేవాడు. మాడిన అంచులు నాకు, మెత్తటి నడుమ భాగం చిన్నమ్మకు.

కాయితం రాయించుకోలేదు. నెల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసు గోడకు అంటిస్తారు, సెలవు పెట్టి తిరగాలి. వానలు తగ్గాక పోదామనుకున్నారు. తర్వాత పండుగ వెళ్ళాక అనుకున్నారు.

ఆ చలికాలం ఒక పొద్దున, మేము బడిలో ఎక్కాలు చెప్తుండగా సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ కాదు. అది ఆగకుండా మోగుతూనే ఉంది. పంతులమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి మమ్మల్ని ఇళ్ళకు పొమ్మంది. క్వార్టర్లలోని ఆడవాళ్ళందరూ బావి గేటు వైపు ఉరుకుతున్నారు. కొందరి కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఆ వారం బాపుకు షిఫ్టు మారి రెండో షిఫ్టు పడడంతో ఇంట్లోనే ఉన్నాడు. ఆయన కూడా ఉరికాడు. కప్పు కూలింది. లోపల ఉన్న ముగ్గురిలో ఇద్దరు దెబ్బలతో బయటపడ్డారు. చిన్నబాపు బయటపడలేదు.

మధ్యాహ్నానికి తెచ్చి యూనియన్ ఆఫీసు ముందు పడుకోబెట్టారు. ఎవరెవరో దండలు తెచ్చి వేశారు. చిన్నమ్మ చేతికి కూడా ఒకటి ఇచ్చారు. ఈసారి ఆయన వంగలేదు. బాపు, చాచా ఇద్దరూ చెరో పక్క తల ఎత్తి పట్టుకుంటే ఆమె దండ వేసింది. ఏడవలేదు. అమ్మమ్మ మాత్రం కింద కూలబడి, బిడ్డ పెళ్ళిలో పాడని అప్పగింతల పాట ఎత్తుకుంది. "అవ్వా, వద్దే" అని మా అవ్వ ఆమె నోరు మూయబోయింది. అమ్మమ్మ ఆపలేదు. నేను చెవులు మూసుకుని చాచీ వాళ్ళింట్లోకి ఉరికాను.

చిన్నబాపు తల్లీ, తండ్రీ, తమ్ముడూ ఊరి నుంచి అప్పుడు వచ్చారు. ఆ తల్లి గుండెలు బాదుకోవడం చూస్తే ఎవరికీ ఒక్క మాట అనబుద్ధి కాలేదు. పదో రోజు దాకా మా క్వార్టరులోనే ఉన్నారు. మా అవ్వే వండి పెట్టింది. పదో రోజు ఆ తల్లి వెంట వచ్చిన ఆడవాళ్ళు చిన్నమ్మను గోదారి ఒడ్డుకు తీసుకుపోయారు. మా బాపు వద్దన్నాడు. "దండల పెండ్లి చేసుకున్నోళ్ళకు గివన్ని లేవు" అన్నాడు.

"నా కొడుకు పెండ్లామాయె. తియ్యకుంటే వాని ఆత్మకు శాంతి ఉండదు" అన్నది ఆ తల్లి.

తీయడానికి తాళి లేదు. బొట్టు తుడిచారు. గాజులు రాయి మీద పెట్టి పగలగొట్టారు. ఒక పెంకు గుచ్చుకుని చిన్నమ్మ ఎడమ మణికట్టు దగ్గర తెగింది. ఇంటికి వచ్చాక నర్సమ్మ తిట్టుకుంటూ కట్టు కట్టింది.

బావిలో చనిపోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. భార్యకో, కొడుక్కో. వాళ్ళు లేకపోతే మిగతావాళ్ళకు. ఆ కాయితాల కోసం కంపెనీ ఆఫీసుకు రమ్మన్నారు. బాపు, చాచా, చిన్నమ్మ పోతుంటే నన్ను ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక వెంట తీసుకుపోయారు. అవ్వ అమ్మమ్మను ఆసుపత్రిలో పెట్టుకుని ఉంది. ఆమెకు ఆ రోజు నుంచి గుండె దడ. ఆఫీసులో చిన్నబాపు తండ్రీ, తమ్ముడూ అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆ తండ్రి మా వైపు చూడలేదు.

"మా పెద్దోనికి పెండ్లి కాలే సారూ" అన్నాడు అధికారితో.

చిన్నమ్మకు మొదట అర్థం కాలేదనుకుంటాను. బాపు లేచి అరిచాడు. అధికారి చెయ్యి చూపించి కూర్చోబెట్టాడు. చెడ్డవాడిలా లేడు, అలసిపోయినవాడిలా ఉన్నాడు.

"రిజిస్ట్రేషన్ కాయితం ఉన్నదామ్మా?"

"లేదు సార్."

"గుళ్ళెనన్న, అయ్యగారితోనన్న జరిగిందా? ఏడడుగులు, తాళి?"

"దండలు మార్చుకున్నం సార్. యూనియన్ ఆఫీసుల. అందరు చూసిన్రు."

బాపు జేబులోంచి ఫొటో తీసి ఇచ్చాడు. అధికారి అద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇందుల ఐదుగురి మెడల్లో దండలున్నయ్. ఆమె ఈ కొసకుంది, ఆయన ఆ కొసకున్నడు. ఇది పెండ్లి ఫొటో అని నేను పైకి ఎట్ల రాయాలె?"

అప్పుడు చాచా లేచాడు. గౌరవంగా టోపీ సర్దుకున్నాడు.

"నేను గవా సార్. ఆయన ఒప్పుకున్నట్టు, ఆమె ఒప్పుకున్నట్టు ఈ చెవులతోని విన్న. మా తాన ఇద్దరు గవాలు వింటే నికా అయినట్టే. ఈడ యాభై మంది విన్నరు."

"మీ తాన చెల్లుతది చాచా. వీళ్ళకు వేరే చట్టం. పక్క రాష్ట్రంల ఎక్కడనో దండలు మార్చుకున్నా చెల్లుతదని చట్టం చేసిన్రట. మన దగ్గర లేదు."

చిన్నమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆ తండ్రి ముందు నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఎడమ మణికట్టు మీద గాయం ఇంకా ఎర్రగా ఉంది.

"మామా. పెండ్లి కాకుంటే నా గాజులెందుకు పగలగొట్టిచ్చిన్రు?"

ఆయన తల ఎత్తలేదు. ముసలి మనిషి, మాసిన ధోతి. పక్కనున్న కొడుకు గోడ వైపు తిరిగాడు. ఆ ముసలాయన నేల చూస్తూనే చెప్పాడు.

"నాకు ఇంకో కొడుకున్నడు బిడ్డా."

ఆ మాట అబద్ధం కాదు. అదే నాకు ఇప్పటికీ తట్టుకోరానిది. ఆ మనిషి దుర్మార్గుడై ఉంటే తిట్టుకుని మరిచిపోయేదాన్నేమో.

ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. కొన్ని నెలలకు చిన్నమ్మ కుట్టుమిషను తీసుకుని మంచిర్యాలకు పోయి, రైల్వేస్టేషన్ దగ్గర ఒక గదిలో ఉండి బట్టలు కుట్టి బతికింది. ఎవరెంత అడిగినా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి రవికెలు కుట్టేది, పెళ్ళిళ్ళకు పోయేది, చివరి వరసలో కూర్చునేది. కంట నీరు మాత్రం పెట్టేది కాదు. అమ్మమ్మ ఆ మరుసటి ఏడే పోయింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళకు నా పెళ్ళి అయింది. అన్నీ మా పద్ధతిలోనే. అప్పగింతల్లో అవ్వ ఏడ్చింది, బాపు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. నాలుగో రోజు పొద్దున్నే చిన్నమ్మ మా అత్తవారింటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఇద్దరు బయలెల్లుండ్రి. రిజిస్టరాఫీసుకు పోవాలె" అంది. మా ఆయన నవ్వి, "అంత తొందరేముంది చిన్నమ్మా, వచ్చే నెల పోదాం" అన్నాడు. ఆమె ముఖం చూశాక ఇంకేమీ అనకుండా చొక్కా మార్చుకున్నాడు.

పాత ఇల్లు, పాత బీరువాలు, ధూళి వాసన. నేను, మా ఆయన సంతకాలు చేశాం. సాక్షిగా చిన్నమ్మ ముందుకు వచ్చింది. గుమాస్తా ఆమె పేరు రాసుకుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"తండ్రి పేరా, భర్త పేరా?"

"భర్త పేరు రాయి" అంది.

చిన్నబాపు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం విడిగా. గుమాస్తా రుజువు అడగలేదు. సాక్షుల గడిలో ఆ పేరు రాసి, పుస్తకం ఆమె వైపు తిప్పాడు. చిన్నమ్మ వంగి ఆ గీతను వేలితో ఒకసారి తడిమి చూసింది. సంతకం చేసింది. తర్వాత అక్కడే గోడ పక్కన ఉన్న బెంచీ మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. భూముల రిజిస్ట్రేషనుకు వచ్చినవాళ్ళందరూ తిరిగి చూశారు. ఒకావిడ దగ్గరికి వచ్చి "ఏమైందమ్మా, ఎవరన్నా పోయిన్రా?" అని అడిగింది.

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "పెండ్లి" అంది. "పెండ్లయింది."

ఆవిడ నా వైపు, నా మెడలోని కొత్త తాళి వైపు చూసి, అర్థమైనట్టు నవ్వి వెళ్ళిపోయింది. నేను సరిదిద్దలేదు. ఇప్పుడు చిన్నమ్మ లేదు. ఆ ఆఫీసు కూడా వేరే చోటికి మారింది. ఆ పుస్తకం ఏ గదిలో, ఏ బీరువాలో ఉందో నాకు తెలియదు. ఎక్కడున్నా, అందులో ఒక గడిలో ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.